వ్యాకరణాలను కలిపితే ఏమవుతుంది?

ఒక వ్యాకరణం ఎన్ని a లు రాస్తే వాటి వెనక అన్నే b లు రాస్తుంది. ఇంకో వ్యాకరణం ఒక్కో a కి రెండేసి b లు రాస్తుంది. రెండూ పొట్టివే.

```
S → aSb  | ε
S → aSbb | ε
```

S అంటే ఇంకా విప్పాల్సిన గుర్తు. ε అంటే ఏ అక్షరమూ లేని ఖాళీ పదం. నిలువు గీత "లేదా" అని చెబుతుంది. బాణానికి ఎడమవైపు ఎప్పుడూ ఒకే గుర్తు ఉంటుంది, దాని పక్కన ఏమున్నాయో చూడకుండానే విప్పేయవచ్చు. అందుకే 1950ల్లో నోమ్ చామ్‌స్కీ చేసిన వర్గీకరణలో వీటికి కాంటెక్స్ట్-ఫ్రీ వ్యాకరణాలని పేరొచ్చింది. ప్రోగ్రామింగ్ భాషల్లో బ్రాకెట్లు సరిగ్గా మూసుకున్నాయో లేదో కంపైలర్ చూసేది ఇలాంటి సూత్రాలతోనే.

ఈ రెండు భాషల్లో ఏదో ఒకదానిలోనైనా ఉన్న పదాలన్నీ ఒక కొత్త భాషగా కావాలనుకుంటే, సూత్రాలన్నీ ఒకచోట చేరిస్తే చాలని తొలిసారి చదివేవారికి అనిపిస్తుంది. అలా చేరిస్తే S ముందు aSb అవుతుంది, లోపలి S aSbb అవుతుంది, చివరికి aabbb వస్తుంది. రెండు a లు, మూడు b లు. ఇది మొదటి భాషలోనూ లేదు, రెండో భాషలోనూ లేదు. రెండు వ్యాకరణాలూ S అనే ఒకే పేరు వాడుకోవడంతో ఒకదాని మధ్యలోకి మరొకటి దూరిపోయింది. మందు తేలికే: పేర్లు S1, S2 అని మార్చి, పైన కొత్తగా ఒక్క సూత్రం పెట్టాలి.

```
S  → S1 | S2
S1 → aS1b  | ε
S2 → aS2bb | ε
```

ఇప్పుడు ఎంపిక మొదటి మెట్టులోనే జరిగిపోతుంది. S1 దారి పట్టినవాడికి S2 సూత్రాలు కనబడనే కనబడవు.

మొదటి భాష పదం వెనకే రెండో భాష పదాన్ని అతికించాలంటే పైసూత్రాన్ని S → S1S2 అని మారిస్తే సరి. పేర్లు వేరుగా ఉంచడం ఇక్కడా తప్పనిసరి.

ఒకే భాషలోని పదాలను ఎన్నైనా, అసలేమీ లేకుండానైనా, వరసగా పేర్చడం మూడో పని. దీన్ని స్టార్ అంటారు. ఇక్కడి ఉచ్చు ఇంకాస్త సూక్ష్మం. పాత S కే S → SS అని కలిపితే పని అయినట్టే కనిపిస్తుంది. కానీ S → aSb తో మొదలుపెట్టి, లోపలి S ని రెండు S లుగా చీల్చి, ఒక్కోదాన్నీ ab చేస్తే aababb వస్తుంది. దీన్ని a లూ b లూ సమానంగా ఉన్న ముక్కలుగా కోయబోతే మొదటి ముక్కే కుదరదు: aa తర్వాత bb రావాలి, ఇక్కడ ఒక b రాగానే మళ్లీ a వచ్చేసింది. తప్పెక్కడంటే, పదాలను పక్కపక్కన పేర్చాల్సిన సూత్రం పదం కడుపులోనే పనిచేసింది. కాబట్టి పాత S ని ముట్టుకోకుండా పైన కొత్త గుర్తు పెట్టాలి: T → ST | ε. T ఏ పదం లోపలికీ వెళ్లదు, పదాల కుడిపక్కనే ఉండిపోతుంది.

ఈ మూడూ వ్యాకరణం పైన ఒక సూత్రం చేర్చితే తీరే పనులు. రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న పదాలను తీయడం అంత సులువు కాదు. a లు b లతో సమానంగా ఉండి c లు ఎన్నైనా ఉండే భాష కాంటెక్స్ట్-ఫ్రీయే. b లు c లతో సమానంగా ఉండి a లు ఎన్నైనా ఉండే భాషా అంతే. ఈ రెంటి ఉమ్మడి భాగంలో మూడూ సమానం కావాలి, అది ఏ కాంటెక్స్ట్-ఫ్రీ వ్యాకరణానికీ లొంగదు. ఇలాంటి భాషను గుర్తించే యంత్రానికి జ్ఞాపకంగా ఉండేది ఒక్క స్టాకే. a లను b లతో సరిపోల్చేసరికి దానిమీది లెక్క ఖర్చయిపోతుంది, c ల కోసం ఏమీ మిగలదు.

అయితే రెండో భాష రెగ్యులర్ భాష అయితే, అంటే స్టాకే అక్కర్లేకుండా పరిమితమైన కొన్ని స్థితులతో గుర్తించగలిగేదైతే, ఉమ్మడి భాగం కచ్చితంగా కాంటెక్స్ట్-ఫ్రీయే. యెహోషువా బార్-హిల్లెల్, మిషా పెర్లెస్, ఎలియాహు షామిర్ 1961లో ప్రచురించిన వ్యాసంలో ఈ సిద్ధాంతం ఉంది. వారి నిర్మాణం చూడముచ్చటైనది. పాత గుర్తు ప్రతిదానికీ అటూ ఇటూ ఒక్కో స్థితిని తగిలిస్తారు. [pAq] అంటే, "యంత్రం p స్థితిలో ఉండగా మొదలై, q స్థితిలోకి వచ్చేసరికి ముగిసే పదాలను మాత్రమే A నుంచి పుట్టించు" అని.

మొదటి వ్యాకరణాన్నే తీసుకుని, a ల సంఖ్య సరిసంఖ్యగా ఉన్న పదాలే కావాలనుకుంటే యంత్రానికి రెండు స్థితులు చాలు: ఇప్పటిదాకా వచ్చిన a లు సరిసంఖ్య అయితే 0, బేసి అయితే 1. a చదివితే స్థితి మారుతుంది, b చదివితే మారదు. 0 లో మొదలై 0 లోనే ముగియాలి గనక కొత్త మొదటి గుర్తు [0S0]. అందులో a రాయగానే యంత్రం 1 లోకి పోతుంది. చివరి b స్థితిని కదపదు గనక లోపలి S 0 లోనే ముగియాలి. అంటే లోపల ఉండేది [1S0]. ఖాళీ పదంతో స్థితి మారదు గనక ε హక్కు [0S0] కే ఉంటుంది, [1S0] కి ఉండదు.

```
[0S0] → a[1S0]b | ε
[1S0] → a[0S0]b
```

ab పుట్టాలంటే [1S0] ఖాళీ కావాలి, దానికి ఆ వీల్లేదు. ఇంకో మెట్టు దిగితే aabb వస్తుంది. మిగిలిన [0S1], [1S1] గుర్తులకూ సూత్రాలు వస్తాయి గానీ, [0S0] నుంచి వాటిని చేరే దారి లేదు గనక తీసేయవచ్చు. ఆ తీసేయడం ముఖ్యమే. A → BC లాంటి సూత్రానికి మొదలు, మధ్య, చివర మూడు స్థితులు ఎంచుకోవాలి. పది స్థితుల యంత్రమైతే ఆ ఒక్క సూత్రం వెయ్యి సూత్రాలవుతుంది.

ఈ సిద్ధాంతాన్ని తిరగేసి వాడినప్పుడే దాని పదును తెలుస్తుంది. స్టువర్ట్ షీబర్ 1985లో జ్యూరిక్ ప్రాంతపు జర్మన్ మాండలికం మీద అలాగే వాడారు. "మేం హన్స్‌కి ఇల్లు పెయింట్ చేయడంలో సాయపడ్డాం" అనే తెలుగు వాక్యంలో "ఇల్లు" పక్కనున్న "పెయింట్ చేయడం"తో జతపడుతుంది, "హన్స్‌కి" చివరి క్రియతో. జత లోపల జత, స్టాకుకు అచ్చొచ్చిన అమరిక. జ్యూరిక్ మాండలికంలో నామాల వరసా క్రియల వరసా ఒకటే: హన్స్‌కి, ఇల్లు, సాయపడ్డాం, పెయింట్ చేయడం. జతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. పైగా సాయపడే క్రియకు ఒక విభక్తి, "చేయనివ్వడం" అనే క్రియకు వేరే విభక్తి ఉండాలి.

షీబర్ ఒక రెగ్యులర్ నమూనా రాశారు: "పిల్లలను" ఎన్నిసార్లైనా, తర్వాత "హన్స్‌కి" ఎన్నిసార్లైనా, తర్వాత "చేయనివ్వడం" ఎన్నిసార్లైనా, తర్వాత "సాయపడడం" ఎన్నిసార్లైనా. మాండలికంలోని వాక్యాల్లోంచి ఈ నమూనాకు సరిపోయేవి మాత్రమే తీసి, ఒక్కో మాటకు ఒక్కో అక్షరం పెడితే మిగిలేవి m సార్లు a, n సార్లు b, మళ్లీ m సార్లు c, n సార్లు d. ఇది కాంటెక్స్ట్-ఫ్రీ కాదని నిరూపించవచ్చు. నమూనా రెగ్యులర్, మాటకు అక్షరం పెట్టడం కూడా కాంటెక్స్ట్-ఫ్రీ గుణాన్ని చెడగొట్టదు. కాబట్టి ఆ గుణం లేనిది మాండలికానికే. వాక్యాలు ఎంత పొడవైనా సాగవచ్చనే ఒప్పుకోలు మీద ఈ వాదన నిలబడింది.

ఆ దాటుకునే జతలను పట్టగల వ్యాకరణం అప్పటికే ఉంది. పుణేలో పుట్టి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన అరవింద్ జోషి, ఇద్దరు సహచరులతో కలిసి 1975లో దాన్ని ప్రకటించారు. పదాలకు బదులు చిన్న చిన్న చెట్లను ఒకదానిలో ఒకటి చొప్పించే పద్ధతి అది. a, b, c, d నాలుగూ సమానంగా ఉండే భాషను కూడా అది రాయగలదు, ఐదో అక్షరం చేరితే రాయలేదు. ఆ భాషలు కూడా ఏదో ఒకటి ఎంచుకోవడానికీ, అతికించడానికీ, పేర్చడానికీ, రెగ్యులర్ నమూనాతో వడకట్టడానికీ లోబడే ఉంటాయి.