దాణా బస్తా చీటీలో ఏముంది?

దాణా బస్తా మూతి కుట్టులో అరచేతంత చీటీ ఒకటి ఉంటుంది. చాలా కొట్టాల్లో బస్తా విప్పగానే కుట్టుదారంతో పాటు అదీ పెంటకుప్పలోకి పోతుంది. బస్తా మీద నిండు పొదుగున్న గేదె బొమ్మ, డీలరు చెప్పిన మాట, రేటు, ఈ మూడింటినీ చూసి కొనేస్తున్నాం. నాలుగైదు గేదెలున్న ఇంట్లో పాల బిల్లులో పెద్ద వాటా దాణాకే పోతుంది కాబట్టి ఆ చీటీని ఒక్కసారైనా తీరిగ్గా చదవడం మంచిది.

చీటీలో ముఖ్యంగా చూడాల్సినవి నాలుగు: ముడి ప్రోటీన్, ముడి పీచు, తేమ, ఆమ్లంలో కరగని బూడిద. ప్రోటీన్ పక్కన ‘కనీసం’ అనీ, మిగతా మూడింటి పక్కన ‘గరిష్ఠం’ అనీ రాస్తారు. మొదటిది అంతకు తగ్గకూడదు, తక్కినవి అంతకు మించకూడదు. ఐఎస్ఐ ప్రమాణం ప్రకారం టైప్-1 దాణాలో కనీసం 22 శాతం, టైప్-2లో కనీసం 20 శాతం ప్రోటీన్ ఉండాలి.

ఇప్పుడు మూడు బస్తాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. అన్నీ 50 కిలోలవే, ధరలు లెక్క కోసం వేసుకున్నవి. మొదటిది 1,150 రూపాయలు, ప్రోటీన్ 20 శాతం. రెండోది వెయ్యి రూపాయలు, ప్రోటీన్ 16 శాతం. మూడోది 1,020 రూపాయలు, చీటీ మీద ప్రోటీన్ 20 శాతం. మొదటి బస్తాలో పది కిలోల ప్రోటీన్ ఉంది, అంటే కిలో ప్రోటీన్ 115 రూపాయలకు పడింది. రెండో దాంట్లో ఉన్నది ఎనిమిది కిలోలే కాబట్టి కిలో 125 పడింది. బస్తాకు 150 తగ్గిందని సంబరపడి తెచ్చుకున్న దాణాయే ఖరీదైంది. మూడోదాని లెక్క 102 రూపాయలకు వస్తుంది. దాన్నే కొనెయ్యాలనిపిస్తుంది. అసలు అనుమానించాల్సింది దాన్నే.

ఎందుకంటే ల్యాబులో ప్రోటీన్‌ను నేరుగా తూచరు. దాణాలో నత్రజని ఎంతుందో కొలిచి దాన్ని 6.25తో హెచ్చిస్తారు. నత్రజని చెక్క నుంచి వచ్చిందా, యూరియా నుంచి వచ్చిందా అన్నది ఆ పరీక్షకు తెలియదు. యూరియాలో 46 శాతం నత్రజనే కాబట్టి కిలో యూరియా కలిపితే లెక్కలో దాదాపు 2.9 కిలోల ప్రోటీన్ పెరుగుతుంది. మన మూడో బస్తాలో ముప్పావు కిలో యూరియా కలిపారనుకుందాం. చీటీలోని పది కిలోల్లో రెండు కిలోలకు పైగా దాని పుణ్యమే. చెక్క, పొట్టు, గింజల నుంచి వచ్చింది ఎనిమిది కిలోల లోపు, అంటే కిలో 130 రూపాయలు. మూడింటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఇదే.

యూరియా పేరెత్తితేనే విషమని బెదరనక్కర్లేదు. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు కొంత యూరియాను ప్రోటీన్‌గా మార్చుకుంటాయి. అయితే దానికి మొక్కజొన్న నూకలాంటి పిండి పదార్థం తోడుండాలి, యూరియా దాణాలో ఒక శాతం దాటకూడదు. ఆరు నెలల లోపు దూడలకు అలాంటి దాణా అసలు పెట్టకూడదు. కలిపినవాళ్లు ఆ సంగతి చీటీ మీద రాస్తే అభ్యంతరం లేదు, రాయకుండా కలపడమే మోసం.

దీన్ని ఇంట్లో కొంత పట్టుకోవచ్చు. వేయించని సోయా గింజల పిండి చెంచాడు, దాణా గుప్పెడు కలిపి, గోరువెచ్చని నీళ్లు పోసి, సీసాలో బిగించి అరగంట ఉంచాలి. పచ్చి సోయాలోని ఎంజైము యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది. మూత తీయగానే ముక్కు మండే ఘాటు వస్తే యూరియా ఉన్నట్టే. ఎంత ఉందో మాత్రం ల్యాబే చెప్పాలి.

ఇక పీచు. పశువుకు పీచు కావాలి కదా, దాణాలో ఎక్కువుంటే తప్పేంటని చాలామంది అడుగుతారు. కృష్ణా డెల్టాలో గేదె ఏడాదిలో చాలాకాలం వరిగడ్డి మీదే బతుకుతుంది. గడ్డి నిండా పీచే, దాంతోపాటు సిలికా. మేతలో లేని శక్తి, ప్రోటీన్ ఇవ్వడానికే దాణా పెడతాం. దాణాలోనూ పీచు పెరిగిందంటే తవుడుతో పాటు వరి ఊకో, వేరుశనగ పొట్టో చేరి ఉండొచ్చు. అందుకే పీచు గడిని ఆమ్లంలో కరగని బూడిద గడితో కలిపి చదవాలి. ఆ బూడిదంటే దాదాపు ఇసుక, సిలికాయే. రెండూ ఎక్కువుంటే ఊక మీద అనుమానపడాలి. పీచు మామూలుగానే ఉండి బూడిద ఒక్కటే ఎక్కువుంటే మట్టి, ఇసుక కలిసి ఉండొచ్చు. దాణాను నలిపి గ్లాసు నీళ్లలో వేసి కలిపి కాసేపు వదిలితే ఊక తేలుతుంది, ఇసుక అడుగున పేరుకుంటుంది.

ఎక్కువ ప్రోటీన్ దాణాయే మంచి దాణా అన్నది కూడా సగం నిజమే. వరి కోశాక వేసిన పిల్లిపెసర చేతికొచ్చిన రోజుల్లో ఆ పచ్చిమేతలోనే బోలెడు ప్రోటీన్ ఉంటుంది. అప్పుడు కూడా 22 శాతం దాణా పెడితే మిగులు ప్రోటీన్ మూత్రంలో పోతుంది. దాన్ని బయటకు పంపడానికి పశువు శక్తి కూడా ఖర్చుపెట్టాలి. ఆ నెలల్లో నిజాయితీగా తయారైన 16 శాతం దాణా చాలు. వట్టి వరిగడ్డి రోజుల్లో 20కి తగ్గితే పాలు తగ్గుతాయి. మేతను చూసి దాణా మార్చుకోవాలి కానీ ఏడాది పొడుగునా ఒకే బస్తాను పట్టుకుని కూర్చోకూడదు.

కంపెనీని ఎలా తూకం వేయాలి? పేరు పెద్దదా చిన్నదా అన్నది నా దృష్టిలో రెండో విషయం. ముందు బస్తా మీద ‘తయారీ’ ఎవరు, ‘మార్కెటింగ్’ ఎవరు అన్నది చూడండి. రెండు పేర్లూ వేరైతే బ్రాండు ఒకరిది, మిల్లు ఇంకొకరిది. ఈ నెల ఒక మిల్లు, వచ్చే నెల మరొకటి అయితే సరుకు ఒకేలా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో పశుదాణా నాణ్యతను నియంత్రించడానికి 2020లో ప్రత్యేక చట్టమే వచ్చింది. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ లేని బస్తాను డీలరు ఎంత మొహమాటపెట్టినా తీసుకోవద్దు. ఆపైన ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు అడగండి. వెంటనే పంపే కంపెనీ ఉంటుంది, ‘మా సరుకు మీద నమ్మకం లేదా’ అని నొచ్చుకునే కంపెనీ ఉంటుంది. ఆ జవాబే చాలా చెబుతుంది.

చిక్కల్లా అప్పుతోనే. పాల కేంద్రం ఏజెంటే దాణా ఇచ్చి పదిహేను రోజుల బిల్లులో కోసుకుంటాడు. అక్కడ బ్రాండు ఎంచుకునేది రైతు కాదు, ఏజెంటు. నగదు పెట్టి బయట కొంటే ధర ఎంత తేడా వస్తుందో కిలో ప్రోటీన్ లెక్కలో చూసుకుంటే ఆ అప్పుకు కడుతున్న అసలు వడ్డీ తెలుస్తుంది.

కొత్త దాణాను పరీక్షించేటప్పుడు అన్ని పశువులకూ ఒక్కసారే మార్చొద్దు. ఆరు గేదెలుంటే ఈనిన కాలం దగ్గరగా ఉన్నవాటిని చెరో మూడుగా విడదీసి, ఒక జట్టుకే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. మరో రెండు వారాలు పాల కొలత, వెన్న శాతం రాసుకుంటే తేడా కనిపిస్తుంది. అందరికీ మార్చేస్తే పాలు తగ్గింది దాణా వల్లా, ఈనిక ముదిరినందువల్లా అన్నది ఎవరూ తేల్చలేరు.

అనుమానం గట్టిదైతే మూడు నాలుగు బస్తాల నుంచి తీసి కలిపిన కిలో దాణాను రెండు సంచుల్లో కట్టండి. ఒకటి పశువైద్యశాల ద్వారా ల్యాబుకు పంపి, రెండోది చీటీతో సహా ఇంట్లో పొడిగా దాచండి. చీటీ, బ్యాచ్ నంబరు లేకుండా చేసిన ఫిర్యాదును కంపెనీ పట్టించుకోదు కాబట్టి, బస్తా ఖాళీ అయ్యేదాకా ఆ చీటీని పారేయకండి.