శాంప్లింగ్: ఇంపల్సు శ్రేణితో గుణకారం - వర్ణపట పునరావృత్తికి కారణం

సారాంశం: మాండలిక ధ్వనుల పరిశోధనలో ఆధారంగా నిలిచేది డిజిటల్ శబ్దముద్రణ. శాంప్లింగును ఇంపల్సు శ్రేణితో చేసిన గుణకారంగా చూస్తే, ముద్రణలో లేని పౌనఃపున్యాలు ఉన్నట్లు కనబడటానికి గల కారణం స్పష్టమవుతుంది. ఈ వ్యాసం ఆ కారణాన్ని వివరించి, స, శ ధ్వనుల విషయంలో దాని పర్యవసానాన్ని పరిశీలిస్తుంది.

1. గుణకారంగా శాంప్లింగ్

నిరంతరంగా మారే శబ్ద సంకేతం నుంచి సమాన కాలవ్యవధుల వద్ద విలువలను తీసుకోవడమే శాంప్లింగ్. ఆ వ్యవధిని T అనుకుంటే, శాంప్లింగ్ రేటు fs = 1/T అవుతుంది. ఇంపల్సు అంటే వెడల్పు శూన్యమై, వైశాల్యం 1గా ఉండే ఆదర్శ స్పందనం. T వ్యవధికొకటి చొప్పున ఇటువంటి ఇంపల్సులను వరుసగా నిలిపి, ఆ శ్రేణితో సంకేతాన్ని గుణిస్తే, ఇంపల్సులున్న క్షణాల్లోని విలువలు మాత్రమే మిగులుతాయి, తక్కినదంతా శూన్యమవుతుంది. పరికరంలో నిజంగా ఇంపల్సులు పుట్టవు. శాంపిళ్లలో ఉన్న సమాచారాన్ని ఉన్నదున్నట్లు తెలిపే గణిత నమూనా ఇది.

2. శ్రేణిలో దాగిన తరంగాలు

ఇంపల్సు శ్రేణి T కాలానికొకసారి పునరావృతమవుతుంది. కనుక ఫోరియర్ సూత్రం ప్రకారం దానిని fs గుణిజాల వద్ద ఉండే తరంగాల మొత్తంగా రాయవచ్చు. ఒక ఆవర్తనంలో ఉన్నది ఒకే ఇంపల్సు కాబట్టి, ఏ తరంగంతో పోల్చినా దానికి ఒకే విలువ వస్తుంది. అందువల్ల అన్ని గుణిజాలకూ సమాన బలం లభిస్తుంది.

```
p(t) = (1/T) [1 + 2cos(2π fs t) + 2cos(2π 2fs t) + ...]
```

ఇక ఒక తరంగంతో సంకేతాన్ని గుణిస్తే ఏమవుతుందో రేడియో ప్రసారం చూపుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రపు మీడియం వేవ్ ప్రసారంలో కార్యక్రమ ధ్వని 738 కిలోహెర్ట్జ్ వాహక తరంగానికి ఇరువైపులా చేరుతుంది. రెండు కొసైన్ల లబ్ధం వాటి పౌనఃపున్యాల మొత్తం వద్ద, భేదం వద్ద ఉండే రెండు కొసైన్లుగా విడిపోవడమే దీనికి మూలం. ఇంపల్సు శ్రేణిలో 0, fs, 2fs, 3fs వద్ద సమబలం గల వాహకాలన్నీ ఒక్కసారిగా ఉన్నాయి. కాబట్టి సంకేతపు వర్ణపటం వాటిలో ప్రతిదాని చుట్టూ ఒక్కొక్క ప్రతిగా నిలుస్తుంది.

3. ప్రతులు కలిసిపోయినప్పుడు

శాంప్లింగ్ రేటు 8000 అనుకుందాం. సంకేతంలో 5000 హెర్ట్జ్ తరంగం ఉంటే, 8000 చుట్టూ ఏర్పడే ప్రతిలో అది 13000 వద్ద, 3000 వద్ద కనిపిస్తుంది. ఈ 3000 మూల వర్ణపటం ఉండవలసిన 0-4000 పరిధిలోకి చొరబడుతుంది. శాంపిళ్లను లెక్కించినా ఇదే తేలుతుంది. 5000 హెర్ట్జ్ కొసైను ఇచ్చే తొలి ఐదు విలువలు 1, -0.707, 0, 0.707, -1. 3000 హెర్ట్జ్ కొసైను ఇచ్చేవీ అవే. శాంపిళ్లు చేతికి వచ్చాక ఈ రెండింటినీ వేరుచేసే మార్గం లేదు. సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే fs ఎక్కువగా ఉండాలనే నియమం, పక్కపక్క ప్రతులు ఒకదానినొకటి తాకకూడదనడమే.

4. స, శ ధ్వనుల సాక్ష్యం

దంత్య 'స'కారపు ఒరిపిడి శక్తి ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. తాలవ్య 'శ'కారంలో అది అంతకంటే దిగువనే బలపడుతుంది. 16000 రేటుతో ముద్రించిన సంభాషణలో ఒకటి విడిచి ఒకటి చొప్పున శాంపిళ్లను తొలగించి 8000కు కుదించారనుకుందాం. అప్పుడు 'స'కారంలోని 5000-6000 భాగం తలకిందులై 3000-2000 మధ్యకు వస్తుంది. ఆ వర్ణపటాన్ని చూసిన పరిశోధకుడు వక్త 'స'ను తాలవ్యంగా పలికాడని నిర్ణయించే ప్రమాదముంది. కుదించడానికి ముందే 4000 పైభాగాన్ని ఫిల్టరుతో తొలగిస్తే ఈ భ్రమ కలగదు. అయితే 'స'కారం బలహీనపడుతుంది; అది లోపమే గాని అబద్ధపు సాక్ష్యం కాదు.

మూల ముద్రణ అందుబాటులో ఉంటే అనుమానాన్ని పరీక్షించవచ్చు. దానినే వేరొక రేటుకు, ఫిల్టరు లేకుండా మార్చి చూడాలి. నిజమైన 3000 హెర్ట్జ్ అంశం, దానికి రెట్టింపు కంటే ఎక్కువైన ఏ రేటు వద్దనైనా అక్కడే ఉంటుంది. 5000 నుంచి మడతపడి వచ్చినదైతే, రేటు 9000 అయినప్పుడు 4000కు జరుగుతుంది.

ముగింపు

ఫిల్టరు పని శాంప్లింగుకు ముందే జరగాలి. కలిసిపోయిన ప్రతులను తరువాత విడదీయలేము. ఏ ఫిల్టరూ ఒక్క బిందువు వద్ద నిట్టనిలువుగా కోయలేదు కనుక కొంత ఖాళీ కూడా అవసరం. సీడీలలో 20000 హెర్ట్జ్ వరకు గల ధ్వనికి 40000 కాక 44100 రేటును వాడటంలో ఆ ఖాళీ కనిపిస్తుంది. క్షేత్రపర్యటనలో సేకరించిన ధ్వనులను ఎక్కువ రేటు గల మూలరూపంలోనే భద్రపరచి, రేటును, కుదించిన పద్ధతిని వివరాలలో నమోదు చేస్తే, ఆ ముద్రణపై ఆధారపడిన ఉచ్చారణ నిర్ణయాలను తరువాతి పరిశోధకులు సరిచూడగలుగుతారు.