లాభం కాగితం మీదుందా, బ్యాంకులో ఉందా?

2009 జనవరి 7న హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ మదుపరులను నిలువునా కుదిపేసింది. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లని చూపామని, అందులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయన ఒప్పుకున్నారు. ఆ త్రైమాసికంలో రూ.649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి రూ.61 కోట్లే.

ఈ రెండు అబద్ధాలూ విడివిడివి కావు. లేని లాభాన్ని లాభనష్టాల ఖాతాలో రాస్తే, దానికి సరిపడా లేని ఆస్తినీ బ్యాలెన్స్ షీట్‌లో చూపక తప్పదు. అందుకే వార్షిక నివేదికలో ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

లాభనష్టాల ఖాతా ఏడాది పొడవునా జరిగిన వ్యాపారాన్ని చెబుతుంది. బ్యాలెన్స్ షీట్ మార్చి 31న కంపెనీకి ఏముందో, ఎంత అప్పుందో చూపుతుంది. సరుకు అందించి బిల్లు వేస్తే, డబ్బు చేతికి రాకపోయినా అది అమ్మకమే. రావలసిన ఆ సొమ్ము బ్యాలెన్స్ షీట్‌లో ‘ట్రేడ్ రిసీవబుల్స్’ కింద కనిపిస్తుంది.

ఉదాహరణకు ఒక కంపెనీ అమ్మకాలు ఏడాదిలో రూ.1,000 కోట్ల నుంచి రూ.1,200 కోట్లకు పెరిగాయనుకుందాం. బకాయిలేమో రూ.200 కోట్ల నుంచి రూ.360 కోట్లకు చేరాయి. బకాయిని అమ్మకాలతో భాగించి 365తో హెచ్చవేస్తే, నిరుడు 73 రోజుల అమ్మకాల సొమ్ము బయట ఉండగా ఇప్పుడది దాదాపు 110 రోజులకు పెరిగిందని తేలుతుంది. పెద్ద ఆర్డర్ మార్చిలోనే పూర్తయి ఉండవచ్చు. లేదా కొనుగోలుదారులు డబ్బు కట్టలేకపోతూ ఉండవచ్చు. ఏది నిజమో నోట్స్‌లో తెలుస్తుంది. ఏ బకాయి ఆరు నెలల లోపుది, ఏది మూడేళ్లు దాటింది అన్న పట్టిక అక్కడ ఉంటుంది.

తర్వాత నగదు సంగతి. అదే కంపెనీ రెండేళ్లూ మార్చి 31న రూ.500 కోట్ల బ్యాంకు నిల్వ చూపి, ‘ఇతర ఆదాయం’ నోట్‌లో వడ్డీ రూ.10 కోట్లే వచ్చిందంటే, అది 2 శాతమే. డిపాజిట్లపై బ్యాంకులు 6 శాతం ఇస్తున్న రోజుల్లో రూ.30 కోట్లు రావాలి. సొమ్ము వడ్డీ రాని కరెంట్ ఖాతాలో ఉందా? ఏడాది చివర్లో మాత్రమే నిల్వ పెంచి చూపారా? వాటాదారుల సమావేశంలో అడగదగిన ప్రశ్నలివి.

ఈ పరీక్షకూ పరిమితి ఉంది. సత్యంలో వడ్డీని సైతం కల్పించారు. వడ్డీగా రావలసి ఉందంటూ చూపిన రూ.376 కోట్లు కూడా లేవని అదే లేఖ చెప్పింది. కాబట్టి వడ్డీ సరిగ్గానే కనిపించినా, అందులో చేతికి అందింది ఎంత, ‘రావలసిన వడ్డీ’గా ఏటా పేరుకుపోతున్నది ఎంత అన్నది నగదు ప్రవాహ పట్టికలోనూ, నోట్స్‌లోనూ విడిగా చూడాలి.