గుడి మైకుసెట్టు: పాత మిక్సర్ మార్చమని కోరే లేఖ

గుడిలో మైకుసెట్టు చూసుకునే కార్యకర్త కొత్త మిక్సర్ కావాలని ధర్మకర్తలకు లేఖ రాస్తే, అందులో ముందుగా తేలాల్సింది ఒక్కటే: లోపం నిజంగా మిక్సర్‌దేనా? అర్చకుల మైకు, నాదస్వరం మైకు, హరికథ మైకు అన్నీ మొదట మిక్సర్‌లోకే వస్తాయి. అక్కడ హెచ్చుతగ్గులు సరిచేసిన ధ్వని ఆంప్లిఫయర్ మీదుగా స్పీకర్లకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా బయట వినిపించేది ఒకే గరగర. అందుకే స్పీకర్లు మార్చినా గరగర పోని గుళ్లు ఉంటాయి.

ఎనిమిది ఛానళ్ల పాత మిక్సర్ ఉన్న గుడిని తీసుకుందాం. మూడో ఛానల్‌లో ఉన్న అర్చకుల మైకు మంత్రం మధ్యలో తెగిపోతోంది. అదే మైకును అదే కేబుల్‌తో ఐదో ఛానల్‌కు మారిస్తే గొంతు శుభ్రంగా వినిపించింది. బాగున్న మరో మైకును మూడో ఛానల్‌కు తగిలిస్తే మళ్లీ తెగింది. అంటే మైకు, కేబుల్ రెండూ బాగానే ఉన్నాయి, లోపం ఆ ఛానల్‌లోనే ఉంది. ఈ పరీక్షను లేఖలో ఉన్నదున్నట్టు రాస్తే, అనుమానం ఉన్న ధర్మకర్త స్వయంగా చేసి చూసుకోవచ్చు.

కారణం కూడా రెండు మాటల్లో చెప్పాలి. ధ్వనిని పెంచి తగ్గించే ఫేడర్ లోపల సన్నని కార్బన్ పట్టీ మీద ఒక స్పర్శముక్క జరుగుతుంటుంది. దుమ్ము, కర్పూరం మసి, సాంబ్రాణి పొగ చేరితే ఫేడర్ కదిపినప్పుడల్లా చిటపటలు వస్తాయి. కాంటాక్ట్ క్లీనర్ కొడితే మురికి పోతుంది కానీ, అరిగిన పట్టీ తిరిగి రాదు. శుభ్రం చేసిన కొద్ది వారాలకే చిటపట మళ్లీ మొదలైతే అది అరుగుదలే అనుకోవచ్చు.

మరమ్మతు ఎందుకు చాలదో చెప్పకపోతే లేఖ నిలవదు. ఒక్క ఫేడరే పాడై, విడిభాగం దొరికితే మార్పించడమే సబబు. సగం ఛానళ్లు అరిగిపోయి, ఆ మోడల్ భాగాలు బజారులో దొరకవని మెకానిక్ రాసిస్తే, ఆ కాగితాన్ని లేఖకు జతచేయాలి.

ఎంత మిక్సర్ కావాలో కల్యాణం రోజు అవసరమే చెబుతుంది. ఇద్దరు అర్చకులు, నాదస్వరం, డోలు, హరికథ, ప్రకటనలు కలిపి ఆరు మైకులు. పాటలు వేసే ఫోనుకు రెండు ఛానళ్లు. అంటే ఎనిమిదీ నిండిపోయాయి. ఒకటి చెడితే మార్చుకోవడానికి చోటుండాలి కాబట్టి పన్నెండు ఛానళ్లది అడగడం న్యాయమే. కండెన్సర్ మైకులు వాడే గుడైతే వాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇచ్చే మిక్సర్ అని స్పష్టంగా రాయాలి.

చివరగా మైకులు, కేబుళ్లు, ఆంప్లిఫయర్, స్పీకర్లు మార్చనక్కర్లేదని చెప్పి, కొన్ని దుకాణాల ధరల పత్రాలు జతచేయాలి. కొత్తది ఉత్సవానికి కనీసం నెల ముందు వస్తే నిత్యపూజల్లో వాడి చూసి, తేడా ఉంటే గ్యారంటీలోనే మార్పించుకునే వీలుంటుంది. ఆ గడువునూ లేఖలోనే కోరాలి.