ఫోన్‌లో వచ్చిన ఆర్డరు గూగుల్‌కు తెలిసేదెలా?

ఢిల్లీ ద్వారకలో ఒక తెలుగు పిండివంటల దుకాణం ఉందనుకుందాం. లెక్క అర్థం కావడానికి కల్పించుకున్న దుకాణమే కాబట్టి పేరు అక్కర్లేదు. చుట్టూ సెక్టార్లు, వాటి నిండా కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీలు. అరకిలో ఆవకాయ, కందిపొడి కావాల్సిన వాళ్లు వెబ్‌సైట్‌లోనే డబ్బు కట్టేస్తారు. కూతురి సీమంతానికి సారె పంపాల్సిన వాళ్లు మాత్రం ఫోన్ చేస్తారు. "పదకొండో తారీఖు ఫంక్షనండీ. 101 లడ్డూలు, 51 కాజాలు. అరిసెలు ఎన్ని పెడితే బాగుంటుంది? గుర్‌గావ్‌కు తెచ్చిస్తారా?" ఇలాంటి సంభాషణ ఏ షాపింగ్ కార్టులోనూ ఇమడదు.

ఈ దుకాణం నెలకు రూ. 60,000 గూగుల్ ప్రకటనలపై పెడుతోంది. సగం పచ్చళ్ల కోసం వెతికేవారికి, సగం సారె, పెళ్లి స్వీట్ల కోసం వెతికేవారికి. పచ్చళ్ల ప్రకటనల నుంచి వెబ్‌సైట్‌లో 60 ఆర్డర్లు, మొత్తం రూ. 42,000 వచ్చాయి. సారె ప్రకటనల నుంచి వెబ్‌సైట్‌లో వచ్చినవి 10 ఆర్డర్లే, రూ. 8,000. గూగుల్‌కు కనిపించేది ఇంతే. దాని లెక్కలో పచ్చళ్లపై రూపాయి పెడితే రూ. 1.40 అమ్మకం, సారెపై పెడితే 27 పైసలు.

దుకాణం కౌంటరు మీదున్న పుస్తకం వేరే కథ చెబుతుంది. పచ్చళ్ల ప్రకటన చూసి ఫోన్ చేసినవారు ఐదుగురు, రూ. 4,500. సారె ప్రకటన చూసి ఫోన్ చేసినవారు 12 మంది, రూ. 1,14,000. అవి కలిపితే పచ్చళ్లపై రూపాయికి వచ్చింది రూ. 1.55, సారెపై రూ. 4.07. సరుకు, కూలి, డెలివరీ పోగా అమ్మకంలో 35 శాతం మిగులుతుందనుకుంటే, పచ్చళ్ల ప్రకటనలు రూ. 30,000 తిని రూ. 16,275 తెచ్చాయి. సారె ప్రకటనలు అంతే తిని రూ. 42,700 తెచ్చాయి.

ప్రకటనల ధరను మనిషే నిర్ణయించిన రోజుల్లో ఈ తేడా పెద్ద ప్రమాదం కాదు. యజమానికి పుస్తకం గుర్తుంటుంది, సారె ప్రకటన ఆపడు. ఇప్పుడు ఒక్కో వెతుకులాటకు ఎంత వేలం పాడాలో గూగుల్ యంత్రమే నిర్ణయిస్తోంది. ఏ మాట టైప్ చేసినవారు, ఏ ప్రాంతం, ఏ సమయం, ఏ పరికరం నుంచి వస్తే కొంటున్నారో పాత ఆర్డర్ల నుంచి నేర్చుకుంటుంది. నేర్పేది వెబ్ ఆర్డర్లు మాత్రమే అయితే, సారె వెతికేవారి కోసం పాడే ధర వారం వారం తగ్గిపోతుంది. యంత్రం తప్పు చేయడం లేదు. చూపించిన పుస్తకాన్నే చదువుతోంది.

చాలామంది దీనికి వెతికే సులభమైన మందు, వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు మీద నొక్కడాన్నే అమ్మకంగా లెక్కపెట్టడం. అది ఇంకో చిక్కు తెస్తుంది. నంబరు నొక్కినవారిలో ధర అడిగి పెట్టేసేవారు, ఫ్రాంచైజీ కావాలనేవారు, ఉద్యోగం అడిగేవారు ఉంటారు. నొక్కుడుకే విలువ ఇస్తే యంత్రం చౌకగా నొక్కేవారిని వెతికి తెస్తుంది. ఫోన్లు మోగుతాయి, పొయ్యి మాత్రం వెలగదు. కాబట్టి యంత్రానికి చెప్పాల్సింది ఫోన్ వచ్చిందని కాదు, ఫలానా క్లిక్ నుంచి రూ. 9,500 ఆర్డరు ఖాయమైందని.

ఇక్కడ కీలకం `gclid`. గూగుల్ ఖాతాలో ఆటో ట్యాగింగ్ పెట్టి ఉంటే, ప్రకటన నొక్కి వచ్చినప్పుడు సాధారణంగా వెబ్ చిరునామా చివర ఒక పొడవాటి గుర్తు చేరుతుంది. ఆ క్లిక్‌కు అదే ఆధార్ నంబరు లాంటిది. సమస్యల్లా, వచ్చినవారు వెబ్‌సైట్ వదిలి ఫోన్ చేతికి తీసుకోగానే ఆ గుర్తు తెగిపోతుంది. తెగకుండా కట్టడమే అసలు పని.

మన దేశంలో దీనికి బాగా పనికొచ్చేది వాట్సాప్. పేజీ తెరుచుకోగానే సర్వరు `gclid`ను దాచుకుని, దానికి 4127 వంటి ఒక చిన్న నంబరు ఇస్తుంది. వాట్సాప్ బటన్ ఆ నంబరుతోనే సందేశాన్ని ముందే నింపి ఉంచుతుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=Saare%20order%204127
```

నేరుగా ఫోన్ చేసేవారికి పేజీలో ఫోన్ నంబరు పక్కనే "ఈ కోడ్ చెప్పండి: 4127" అని కనిపిస్తుంది. డెలివరీలో యాభై రూపాయలు తగ్గిస్తామంటే చెప్పేవారు పెరుగుతారు. కౌంటరులో ఉన్నవారు ఆర్డరు పుస్తకంలో ఇంకో గడి నింపాలి, అంతే. సాఫ్ట్‌వేర్ కన్నా ఈ గడి నింపించడమే కష్టం. పండగ రద్దీలో మొదట ఖాళీగా మిగిలేది అదే.

అడ్వాన్సు యూపీఐలో పడిన రోజు ఆర్డరు ఖాయమైనట్టు. ఆ రాత్రి కోడ్‌ను తిరిగి `gclid`గా మార్చి, గూగుల్ ఖాతాలో ముందే సృష్టించిన కన్వర్షన్ పేరుతో ఒక ఫైలు ఎక్కించాలి:

```
Parameters:TimeZone=Asia/Kolkata
Google Click ID,Conversion Name,Conversion Time,Conversion Value,Conversion Currency
<gclid>,Phone Order,2025-11-08 16:40:00,9500,INR
```

ఆర్డరు తర్వాత రద్దయితే అదే క్లిక్, అదే సమయం చూపి `RETRACT` అని, మొత్తం తగ్గితే `RESTATE` అని సవరణ పంపొచ్చు. డెలివరీ అయ్యేదాకా ఆగి పంపితే లెక్క కచ్చితంగా ఉంటుంది గానీ, యంత్రం మూడు వారాలు ఆలస్యంగా నేర్చుకుంటుంది. రద్దులు తక్కువగా ఉండే ఇలాంటి వ్యాపారంలో అడ్వాన్సు రోజే పంపడం మేలని నా అభిప్రాయం. క్లిక్ జరిగి 90 రోజులు దాటితే గూగుల్ తీసుకోదు. సారెకు ఆ గడువు ధారాళం.

ఫైలు తిరిగొచ్చేది ఎక్కువగా చిన్న కారణాలకే. `gclid`లో పెద్ద, చిన్న అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది. మధ్యలో ఏదో సాఫ్ట్‌వేర్ అన్నిటినీ చిన్న అక్షరాలుగా మారిస్తే ఒక్కటీ కలవదు. కొన్ని వరసలు అమ్మకం క్లిక్ కన్నా ముందే జరిగిందన్న కారణంతో తిరిగొస్తే టైమ్ జోన్ చూడండి. సర్వరు యూటీసీ సమయం రాసి, ఫైలు పైన కోల్‌కతా అని ఉంటే ప్రతి ఆర్డరూ ఐదున్నర గంటలు వెనక్కి జరుగుతుంది. పొద్దున నొక్కి మధ్యాహ్నం ఖాయం చేసినవారు తిరస్కారానికి గురవుతారు, మర్నాడు ఖాయం చేసినవారు దాటిపోతారు. కొన్నే పోవడం వల్ల ఈ తప్పు చాలా రోజులు కనిపించదు.

ఎర్రగా కూడా కనిపించని తప్పు ఇంకొకటి ఉంది. కొత్తగా ఫోన్ ఆర్డర్లు పంపుతూ, పాత "నంబరు మీద నొక్కుడు"ను కూడా ప్రైమరీ లక్ష్యంగా వదిలేస్తే యంత్రం రెండింటినీ కలిపి లెక్కిస్తుంది. నొక్కుడును సెకండరీకి మార్చాలి. అప్పుడు అది నివేదికలో కనిపిస్తుంది గానీ వేలాన్ని నడపదు. అలాగే పంపడం మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు. లెక్కలు చూసే అమ్మాయి వారం సెలవు పెడితే, యంత్రానికి అది సెలవు కాదు, అమ్మకాలు పడిపోయిన వారం. ధర తగ్గించేస్తుంది. అలా జరిగితే ఆ తేదీలను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే డేటా ఎక్స్‌క్లూజన్ సదుపాయం గూగుల్‌లో ఉంది.

కోడ్ తంటా ఎందుకు, కొన్నవారి ఫోన్ నంబర్లే ఇచ్చేస్తే సరిపోదా? కొంతవరకు సరిపోతుంది. మెటాకు కన్వర్షన్స్ ఏపీఐ ద్వారా, గూగుల్‌కు ఎన్‌హాన్స్‌డ్ కన్వర్షన్స్ ఫర్ లీడ్స్ ద్వారా నంబరును పంపొచ్చు. గూగుల్ పద్ధతిలో ఒక షరతు: కొనేవారు ముందుగా మీ వెబ్‌సైట్ ఫారంలో అదే నంబరు ఇచ్చి ఉండాలి. నేరుగా డయల్ చేసినవారిని ఇది కలపలేదు. నంబరును SHA-256 అనే పద్ధతిలో గుర్తుపట్టలేని అక్షరాలుగా మార్చి పంపుతారు. మార్చే ముందు గూగుల్‌కు `+91` తో, మెటాకు కూడిక గుర్తు లేకుండా `91` తో రాయాలి. ఈ ఒక్క గుర్తు తేడా వచ్చినా ఫలితం పూర్తిగా మారిపోతుంది, ఒక్క నంబరూ కలవదు.

గుర్తుపట్టలేని అక్షరాలు అన్నాను గానీ, ఆ మాటను పూర్తిగా నమ్మకూడదు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. అంటే సాధ్యమైనవి మహా అయితే 400 కోట్లు. వాటన్నిటినీ ఇదే పద్ధతిలో మార్చి పట్టిక కట్టుకోవడం నేటి కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. పట్టిక ఉన్నవారికి అసలు నంబరు దొరికిపోతుంది. కాబట్టి ఇది వ్యక్తిగత సమాచారాన్ని బయటికి ఇవ్వడమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక పని కోసం తీసుకున్న సమ్మతిని ఆ పనికే పరిమితం చేస్తుంది. సారె డెలివరీకి ఇచ్చిన నంబరు ప్రకటనల కంపెనీకి వెళ్లాలంటే ఆ సంగతి విడిగా, కొనేవారికి అర్థమయ్యే మాటల్లో చెప్పి అడగాలి. కోడ్ పద్ధతిలో నంబరు దుకాణం దాటదు. అది మెరుగనిపించడానికి నాకు ఇదీ ఒక కారణం.

అయినా కోడ్‌తో అన్నీ కలవవు. 17 ఫోన్ ఆర్డర్లలో 11 కలిశాయనుకుందాం. మిగిలిన ఆరు ఎవరివి? ఎక్కువగా పేజీ చూసి, నంబరు కాగితం మీద రాసుకుని, సాయంత్రం ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసే పెద్దవాళ్లవి. లేదా ఢిల్లీలో కొడుకు ప్రకటన చూసి, రాజమండ్రిలో ఉన్న అమ్మకు నంబరు పంపితే ఆమె చేసినవి. కలిసినవే యంత్రానికి పాఠం కాబట్టి, అది వాట్సాప్ వాడే వారినే మంచి కొనుగోలుదారులుగా నేర్చుకుంటుంది. పెద్ద ఆర్డరు ఇచ్చే పెద్దవాళ్లకు ప్రకటన తక్కువగా చూపించడం మొదలవుతుంది. మొదట్లో వెబ్ ఆర్డర్ల విషయంలో చూసిన పక్షపాతమే, చిన్న రూపంలో.

దీన్ని కనిపెట్టడానికి కలవని ఆర్డర్లను కూడా పుస్తకంలో విడిగా ఉంచి, నెలకోసారి రెండు వరసల సగటు పక్కపక్కన చూడాలి. కలిసిన ఆర్డరు సగటు రూ. 6,000, కలవనిది రూ. 9,000 ఉంటే యంత్రం దగ్గరున్న చిత్రం వంకరగా ఉన్నట్టే. ఆ తేడా తగ్గేదాకా సారె ప్రకటనలకు విడి బడ్జెట్ కేటాయించి, దాన్ని పచ్చళ్లతో పంచుకోనివ్వకుండా ఉంచాలి.