వెండర్‌కి మార్కులు వేసేముందు

చర్లపల్లిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక మోటారు పంపుల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. పంపు కేసింగ్‌ను వాళ్లు సొంతంగా పోత పోయరు. ఒక ఫౌండ్రీ నుంచి తెప్పించుకుని, తమ లేతు మీద చెక్కి, రంధ్రాలు వేసి బిగిస్తారు. మూడు నెలలకోసారి ఆ ఫౌండ్రీకి ఒక కాగితం పంపుతారు. వెండర్ రేటింగ్ అనో, స్కోర్‌కార్డ్ అనో దానికి పేరు. సరుకు సమయానికి వచ్చిందా, అందులో ఎంత పాడైంది, ఫిర్యాదు చేస్తే ఎంత త్వరగా కదిలారు అన్న మూడు విషయాలకూ కలిపి 100 మార్కులు. 60 దాటకపోతే 'సి' గ్రేడు. వరసగా రెండుసార్లు 'సి' వస్తే కొత్త ఆర్డర్లు ఉండవు.

ఈసారి ఫౌండ్రీకి 48 వచ్చాయి. యజమాని ఫోన్ చేసి, "ఇరవై ఏళ్లుగా మీకు పోస్తున్నాం, 48 అంటారేంటండీ?" అని అడిగితే పర్చేజ్ మేనేజర్ దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: "కంప్యూటర్‌లో అలా వచ్చిందండీ." ఈ జవాబుతోనే స్కోర్‌కార్డు మీద నమ్మకం పోతుంది. ఆ 48 ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వి చూద్దాం.

ముందు డెలివరీ. దీనికి 40 మార్కులు. మూడు నెలల్లో 10 లోడ్లు రావాలి, ఆరే సమయానికి వచ్చాయని కార్డు చెప్పింది. కాబట్టి 24 మార్కులు. ఆలస్యమన్న నాలుగు లోడ్లనూ విడివిడిగా చూస్తే సంగతి మారింది. ఒక లోడు గడువు రోజైన శనివారం సాయంత్రమే గేటు దాటింది, కానీ స్టోర్స్ మూసేశారు. సరుకు ముట్టినట్టు జీఆర్‌ఎన్ రాసింది సోమవారం. కంప్యూటర్‌కి తెలిసేది జీఆర్‌ఎన్ తేదీ ఒక్కటే. ఇంకో లోడు విషయంలో, డ్రాయింగ్ మార్చింది ఫ్యాక్టరీయే. అచ్చు తయారుచేసే ప్యాటర్న్‌ను సరిచేయించి ఫౌండ్రీకి తిరిగి పంపడానికి పది రోజులు తీసుకుంది. పర్చేజ్ ఆర్డర్‌లో గడువు తేదీని మాత్రం ఎవరూ మార్చలేదు. మిగిలిన రెండు లోడ్లూ నిజంగానే ఆలస్యం. అంటే పదికి ఎనిమిది, 32 మార్కులు. అందుకే మొదటి మార్కు వేయకముందే ఒక మాట కాగితం మీద ఉండాలి: లెక్కలోకి తీసుకునేది గేటు తేదీ. ఆర్డర్ మన వల్ల మారితే గడువూ మారుతుంది. సరుకు సగమే వస్తే అది సమయానికి వచ్చినట్టు కాదు.

నాణ్యతకు ఇంకో 40. రిజెక్షన్ 0.5 శాతం లోపుంటే పూర్తి మార్కులు, ఆపైన ప్రతి 0.1 శాతానికీ రెండు మార్కుల కోత అని ఈ ఫ్యాక్టరీ నియమం. వచ్చిన 2,000 కేసింగుల్లో 38 పక్కన పెట్టారు. అది 1.9 శాతం, అంటే 12 మార్కులు. పెద్ద ఆటోమొబైల్ కంపెనీలు దీన్నే పది లక్షల ముక్కల లెక్కకు పెంచి 19,000 పీపీఎం అంటాయి. మూడు నెలలకు రెండు వేల ముక్కలు కొనేచోట ఆ అంకె అనవసరంగా భయపెడుతుంది. 38 అని చెబితేనే బాగా అర్థమవుతుంది.

ఆ 38నీ నేల మీద పరిచి చూస్తే రెండు కుప్పలయ్యాయి. 12 ముక్కల్లో రంధ్రం పక్కకు జరిగింది. ఆ రంధ్రం వేసింది ఫ్యాక్టరీ డ్రిల్లింగ్ మెషీన్. బిగింపు ఫిక్స్చర్ అరిగిపోయి అలా జరిగింది. అది ఫౌండ్రీ తప్పు కాదు. మిగిలిన 26లో బ్లోహోల్స్, అంటే పోతలో గాలి చిక్కుకుపోయి ఏర్పడే గుంటలు. ఇవి పైకి కనిపించవు. లేతు మీద పై పొర చెక్కాకే బయటపడతాయి. అప్పటికి కూలీ, కరెంటు, మెషీన్ సమయం అన్నీ దాని మీద ఖర్చయిపోయి ఉంటాయి. సరుకు దిగినప్పుడు చేసే తనిఖీలో ఇవి దొరకలేదని నాణ్యత బాగుందనుకోకూడదు. 26 అంటే 1.3 శాతం, 24 మార్కులు.

మూడోది స్పందన. 20 మార్కులు. గొడవలు ఎక్కువ వచ్చేది ఇక్కడే. ఎందుకంటే చాలాచోట్ల ఈ మార్కులు మేనేజర్ మనసులో ఉన్న అభిప్రాయాన్ని బట్టి పడతాయి. అలా కాకుండా ఫిర్యాదు పంపిన తేదీ, జవాబొచ్చిన తేదీ, అదే లోపం మళ్లీ వచ్చిందా లేదా అని మూడు గళ్లు పెట్టుకుంటే చాలు. మన ఉదాహరణలో అయిదు ఫిర్యాదులకు రెండు రోజుల్లోపు జవాబొచ్చింది మూడింటికి. 12 మార్కులు. జవాబు త్వరగా రావడం ఒకటి, అది పనికొచ్చే జవాబు కావడం ఇంకొకటి. "ఆపరేటర్‌ను హెచ్చరించాం" అని గంటలో వచ్చిన మెయిల్ కంటే, "ఫలానా రోజు ఇసుకలో తేమ ఎక్కువైంది, ఇకనుంచి ప్రతి షిఫ్టులో కొలుస్తాం" అని మూడో రోజున వచ్చిన ఉత్తరం ఎంతో నయం. లోపం తిరిగి రాకపోతేనే ఫిర్యాదు మూసేయాలి.

ఇప్పుడు మొత్తం 32, 24, 12. కలిపితే 68. గ్రేడు 'బి'. 48కీ 68కీ తేడా వచ్చింది ఫౌండ్రీ వల్ల కాదు, కొన్నవాళ్ల రికార్డుల వల్ల. ఫలితాన్ని వెండర్‌కి ఎలా చెప్పాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది: మార్కులకంటే ముందు వివరాలు పంపాలి. సమావేశానికి వారం ముందే లోడువారీ తేదీలు, రిజెక్ట్ అయిన ముక్కల జాబితా పంపి, "తప్పులుంటే చెప్పండి, సరిచేస్తాం" అని రాయాలి. ఇరుపక్షాలూ ఒప్పుకున్న అంకెల మీదే మార్కులు పడాలి.

సమావేశం వీలైతే ఫౌండ్రీలోనే పెట్టుకోవడం మంచిది. పాడైన కేసింగులు నాలుగు చెక్కినవి చెక్కినట్టే వెంట తీసుకెళ్లాలి. పోతల మీద ఏ కరుగులో పోశారో తెలిపే హీట్ నంబరు ఉంటుంది. మన 26 ముక్కల నంబర్లు చూస్తే 19 ముక్కలు రెండే రెండు హీట్లవని తేలిందనుకోండి. రెండూ వానాకాలంలో పోసినవి. ఇక "మీ నాణ్యత బాగాలేదు" అనే మాటతో పనే లేదు. ఆ రెండు రోజుల ఇసుక రిజిస్టరు తీసి చూద్దామంటే సరిపోతుంది. పచ్చి ఇసుక అచ్చులో తేమ సాధారణంగా మూడు నాలుగు శాతం దగ్గర ఉంచుకుంటారు. అది మించితే ఆవిరి బయటికి పోలేక లోహంలో చిక్కుకుంటుంది. ఈ సంగతి యజమానికి మనకంటే బాగా తెలుసు. ఆయనకు కావలసింది ఏ రోజు తప్పిందో చూపించే ఆధారం. ఒక సమావేశంలో ఒక్క లోపాన్నే పట్టుకోవాలి. ఎవరు, ఏం, ఏ తేదీలోపు చేస్తారో అక్కడికక్కడే రాసుకోవాలి. ధర తగ్గించమనే బేరం ఆ రోజు ఎత్తకూడదు. ఎత్తితే స్కోర్‌కార్డు మొత్తం అందుకోసమే తయారుచేశారని వాళ్లకు అనిపిస్తుంది, ఆ అనుమానం న్యాయమైనదే.

ఇంకో పరిమితి కూడా వాళ్లకు చెప్పాలి. పది లోడ్లలో ఒక్కటి ఆలస్యమైనా పది శాతం పడిపోతుంది. అంత తక్కువ లెక్కతో ఒక్క మూడు నెలల ఫలితాన్ని చూసి ఎవరినీ తీసేయకూడదు. ఏడాది పొడవునా వచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టి ఎటు వెళ్తున్నాయో చూడాలి. మూడు అంకెలూ విడిగానే చెప్పాలి, ఎందుకంటే మొత్తంలో ఒకదాని లోపాన్ని ఇంకోటి కప్పేస్తుంది. పక్క ఫౌండ్రీ పేరు, దాని మార్కులు మాత్రం ఎప్పుడూ బయటపెట్టకూడదు.

కాగితం మీద మన వరస కూడా ఒకటి ఉండాలని నా గట్టి అభిప్రాయం. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. తొంభై రోజులకు చెక్కు ఇచ్చే ఫ్యాక్టరీ, రెండు రోజుల ఆలస్యానికి మార్కులు కోస్తే ఆ ఫౌండ్రీ యజమాని ఏమనుకుంటాడు? ముడి ఇనుము కొనడానికి చేతిలో డబ్బు లేకే ఆ లోడు ఆలస్యమై ఉండొచ్చు.

కొనుగోలు విభాగంలో పనిచేసే మిత్రులకు ఒక్క మనవి. ఈసారి స్కోర్‌కార్డు మెయిల్ పంపేముందు సెక్యూరిటీ దగ్గరి గేటు రిజిస్టరు తెప్పించి, జీఆర్‌ఎన్ తేదీలతో ఒక్కసారి సరిచూడండి.