పాలపన్నుకి సిమెంటా, లైటు ఫిల్లింగా?

పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి, వాటికి ఫిల్లింగేటి అనేవోళ్లు కొందరు. ఖరీదైందే వెయ్యండి డాక్టరుగారూ అనేవోళ్లు ఇంకొందరు. మన గోదారి జిల్లాల్లో ఇద్దరూ కనపడతారు. నా లెక్కలో ఇద్దరిదీ పొరపాటే.

కోనసీమలో ఐదేళ్ల పాపనుకుందాం. కింద రెండో పాల దవడపన్ను నమిలేచోట చిన్న గుంట పడింది. ఆ పన్ను పది పన్నెండేళ్లదాకా ఉండాలి. ముందే పీకేస్తే ఆరేళ్లకొచ్చే పెద్ద దవడపన్ను ముందుకు జరిగిపోద్ది. కింద రావాల్సిన పన్నుకి చోటుండదు.

మరి ఏం నింపాలి? లైటు ఫిల్లింగంటే కాంపోజిట్. గట్టిది, పన్ను రంగులో కలిసిపోద్ది. కానీ ముందు యాసిడ్, తర్వాత బాండ్, ఆ తర్వాత రెండు మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి నీలం లైటు. అంతసేపూ పన్ను పొడిగా ఉండాలి. మధ్యలో ఉమ్మి తగిలితే పట్టు పోద్ది, అంచులో సందు పడి అడుగునుంచి మళ్లీ పుచ్చుద్ది. అంచు నల్లబడినా, అక్కడ మెతుకులు ఇరుక్కుంటున్నా అనుమానించాలి. ఐదేళ్ల పిల్ల అన్నిసార్లు నోరు తెరిచి కదలకుండా కూర్చుంటదా?

సిమెంటంటే గ్లాస్ అయానమర్. గాజుపొడీ, యాసిడ్ ద్రవమూ కలిపిన ముద్ద. పంటిలోని కాల్షియాన్ని అదే పట్టుకుంటది. కాస్త తడున్నా ఓర్చుకుంటది, ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా వదుల్తది. మెత్తబడిన పుచ్చుని చిన్న చెంచాలాంటి పనిముట్టుతో గీకి, శుభ్రంచేసి, ముద్ద పెట్టి, వాజిలీన్ రాసిన వేలితో నొక్కుతారు. ఓ గంట ఏమీ తినకూడదు. మన పాపకి ఇది చాలు.

దీనికీ లోటుంది. తొందరగా అరుగుద్ది. రెండు దవడపళ్ల మధ్య పుచ్చితే అక్కడ విరిగిపోద్ది, అలాంటప్పుడు స్టీలు టోపీ మేలు. పదేళ్లు దాటి బుద్ధిగా కూర్చునే పిల్లోడి శాశ్వత పన్నుకైతే కాంపోజిటే నయం. సగమే వచ్చి చిగురు కప్పున్న పన్నుకి మాత్రం ముందు సిమెంటు పెట్టి, పూర్తిగా వచ్చేక మార్చొచ్చు.

అందుకే డాక్టరుగార్ని ఏది ఖరీదని కాదు, ‘ఈ పన్నుని పొడిగా ఉంచగలరా, ఇంకెన్నాళ్లుంటది?’ అని అడగండి.

ఇంకోమాట. డ్రిల్లూ కరెంటూ లేకుండా చేసే ఈ సిమెంటు పద్ధతి 1980లలో టాంజానియాలో మొదలైంది. కుర్చీ లేనిచోట కూడా బల్లమీద పడుకోబెట్టి చేసేరు. మన బడులకి ఆర్‌బీఎస్‌కే బృందాలు వచ్చి పిల్లల్ని చూస్తన్నాయి. రాజమండ్రి, భీమవరంలో డెంటల్ కాలేజీలున్నాయి. పుచ్చుందని చీటీ రాసి పంపేబదులు, ఆ బడిలోనే సిమెంటు పెట్టి పంపొచ్చు కదండీ? నేనడిగేది అదే.